పుట్ అమ్మి కాల్ కొన్నవాడి జూన్ 4

2024 జూన్ 3, సోమవారం. శనివారం సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ చూసుకుని మార్కెట్ ఉరకలేసిన రోజు. నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. ఆ రాత్రి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

"మామయ్యా, చేతినుంచి పైసా పెట్టకుండా కాల్ కొన్నాను."

"పైసా పెట్టకుండా ఎలా వస్తుందిరా?"

"పుట్ అమ్మాను కదా. దాని మీద వచ్చిన డబ్బే దీనికి సరిపోయింది."

జూన్ 27 ఎక్స్‌పైరీకి 23,800 కాల్ కొన్నాడు, అదే ఎక్స్‌పైరీకి 22,000 పుట్ అమ్మాడు. ఈ జంటను మార్కెట్లో రిస్క్ రివర్సల్ అంటారు. మర్నాడు ఓట్ల లెక్కింపు మొదలైంది. మధ్యాహ్నానికల్లా నిఫ్టీ 21,281 దాకా జారింది. వాడు అమ్మిన పుట్ స్ట్రైక్‌కి ఏడు వందల పాయింట్లు కిందికి అన్నమాట. మార్జిన్ చాలడం లేదని మెసేజ్ వచ్చింది. డబ్బు సర్దే లోపే పొజిషన్ కట్ అయిపోయింది. ఆ రోజు సూచీ 21,884.50 దగ్గర, దాదాపు 6 శాతం నష్టంతో ముగిసింది.

5న 22,620. 7వ తేదీన 23,290, అంటే పడిందంతా తిరిగి వచ్చేసింది. జూన్ 27న, ఆ ఎక్స్‌పైరీ రోజున, నిఫ్టీ 24,044.50 దగ్గర ఆగింది. వాడి దగ్గర ఆ రెండూ అలాగే ఉండి ఉంటే పుట్ సున్నా అయ్యేది, కాల్ మీద యూనిట్‌కు 244 రూపాయల 50 పైసలు చేతికొచ్చేవి. మార్కెట్ పెరుగుతుందన్న వాడి అంచనా తప్పలేదు. అయినా నష్టపోయింది వాడే. ఎందుకో తెలియాలంటే, ఆ "పైసా పెట్టకుండా" వచ్చిన డబ్బు ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో ముందు చూడాలి.

పొలం బేరం తెలిసినవాళ్లకు ఇది సులువుగానే అందుతుంది. ఊరి చివర ఎకరం 50 లక్షలు పలుకుతోందనుకోండి. ధర పెరుగుతుందని మీకు గట్టి నమ్మకం. మూడు నెలల్లో ఎప్పుడైనా 52 లక్షలకు కొనే హక్కు కోసం యజమానికి లక్ష బయానా ఇస్తారు. ధర 60కి పోతే హక్కు వాడుకుంటారు. పోకపోతే లక్ష వదులుకుంటారు, అంతకుమించి నష్టం లేదు. ఇది కాల్ కొనడం. ఇప్పుడు పక్క పొలం ఆయనకు ధర పడిపోతుందేమోనని భయం. "మూడు నెలల తర్వాత బజారులో ఎంత పలికినా సరే, 45 లక్షలకు నువ్వు తీసుకుంటానని రాసివ్వు, ఇదిగో లక్ష" అన్నాడు. మీరు రాసిచ్చారు. ఇది పుట్ అమ్మడం. ఆయనిచ్చిన లక్షే తీసుకెళ్లి మీరు బయానాగా కట్టారు. జేబు నుంచి పైసా పోలేదు. కానీ పొలం 35 లక్షలకు పడితే 45కి కొనాల్సింది మీరే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పక్క పొలం ఆయన భయం ఎంత ఎక్కువైతే ఆయన మీకిచ్చే సొమ్ము అంత పెరుగుతుంది. షేర్ మార్కెట్లో ఈ భయానికి ఒక కొలత ఉంది. దాని పేరే స్క్యూ.

ప్రతి ఆప్షన్ ధరలోనూ, మార్కెట్ ఎంత ఊగుతుందన్న అంచనా ఒకటి దాగి ఉంటుంది. దాన్ని ఇంప్లైడ్ వోలటిలిటీ అంటారు, ట్రేడర్ల నోట్లో ఐవీ. ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్ చెయిన్ తెరిస్తే మధ్యలో స్ట్రైకులు, ఎడమన కాల్స్, కుడిన పుట్స్, రెండు వైపులా IV అని ఒక్కో కాలమ్ కనిపిస్తాయి. ఆ కాలమ్‌ను పైనుంచి కిందికి ఒకసారి చదవండి. సూచీ ఒక్కటే, గడువు ఒక్కటే. అయినా దిగువ స్ట్రైకుల పుట్స్‌లో ఐవీ ఎక్కువగా, ఎగువ స్ట్రైకుల కాల్స్‌లో తక్కువగా ఉంటుంది. ఆ వాలునే స్క్యూ అంటున్నాం.

ఈ వాలు ఎప్పుడూ ఇలా లేదు. 1987 అక్టోబర్ 19న అమెరికాలో డౌ జోన్స్ ఒక్క రోజులో 22.6 శాతం కూలింది. అంతవరకూ అక్కడి సూచీ ఆప్షన్లలో ఐవీ అన్ని స్ట్రైకులకూ దాదాపు సమంగా ఉండేది. ఆ తర్వాత దిగువ పుట్స్ ఖరీదెక్కాయి, మళ్లీ చౌకవ్వలేదు. కారణం సూటిగానే ఉంది. పెద్ద ఫండ్ల చేతిలో షేర్లు ముందే ఉంటాయి. వాటికి బీమాగా పుట్ కావాలి, కాబట్టి కొనేవాళ్లు ఎక్కువ. ఉన్న షేర్ల మీద నాలుగు డబ్బులొస్తాయని కాల్స్ అమ్మేవాళ్లూ ఎక్కువే. పైగా సూచీ నడక తాడిచెట్టు ఎక్కేవాడిలాంటిది. పైకి ఒక్కో అడుగే వేస్తాడు, జారితే క్షణంలో నేల మీదుంటాడు.

ఇప్పుడు అంకెల్లో చూద్దాం. ఇవి నేను లెక్క కట్టిన నమూనా ధరలు, ఏదో ఒక రోజువి కావు. నిఫ్టీ ఫ్యూచర్ 25,000 దగ్గర ఉంది, ఎక్స్‌పైరీకి ఇంకా 30 రోజులు. 24,000 పుట్‌లో ఐవీ 16, 26,000 కాల్‌లో ఐవీ 11. రెండూ వెయ్యి పాయింట్ల దూరంలోనే ఉన్నాయి. కానీ పుట్ ధర సుమారు 115 రూపాయలు, కాల్ ధర 41. స్క్యూయే లేకుండా రెండింటికీ ఐవీ 13 ఉంటే ఈ ధరలు తారుమారయ్యేవి. పుట్ 63, కాల్ 72 ఉండేవి. అంటే పుట్ ధరలో దాదాపు సగం భయం ఖరీదే.

దూరాన్ని నేను ఫ్యూచర్ నుంచి కొలిచాను, సూచీ నుంచి కాదు. నెల రోజుల ఫ్యూచర్ సాధారణంగా వడ్డీ మేరకు సూచీకి వంద పాయింట్లో, అంతకు కాస్త పైనో ఉంటుంది. సూచీ నుంచి సమాన దూరం కొలిస్తే కాల్ ఉన్నదానికన్నా ఖరీదుగా, పుట్ చౌకగా కనిపిస్తాయి. అప్పుడు స్క్యూ అసలు కన్నా తక్కువగా అగుపిస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు.

మార్కెట్ పెరుగుతుందని నమ్మేవాడికి ఈ తేడా కలిసొస్తుంది. 24,000 పుట్ అమ్మితే 115 వస్తుంది. ఆ డబ్బుతో 26,000 దాకా పోనక్కర్లేదు, 25,600 కాల్ సుమారు 120కి దొరుకుతుంది. చేతినుంచి పడేది 5 రూపాయలే. లాటుకు 65 యూనిట్లనుకుంటే 325 రూపాయలు. లాటు సైజును ఎక్స్ఛేంజీ అప్పుడప్పుడూ మారుస్తుంటుంది, ఆర్డర్ పెట్టేముందు చూసుకోవాలి. లాభం 600 పాయింట్ల దూరంలో మొదలవుతుంది, నష్టం 1000 పాయింట్ల దూరంలో. స్క్యూ ఇచ్చేది ఈ 400 పాయింట్ల ఎడమే.

ఎక్స్‌పైరీ రోజున ఫ్యూచర్ 26,400 చేరితే కాల్ విలువ 800. పెట్టిన 5 పోను 795, లాటుకు 51,675 రూపాయల లాభం. మార్కెట్ ఎటూ కదలక 24,800 దగ్గర ముగిస్తే రెండూ సున్నా, పోయేది 325 రూపాయలు. ఒట్టి కాల్ మాత్రమే కొన్నవాడు అదే రోజున 7,800 పోగొట్టుకుంటాడు. నెలల తరబడి సూచీ ఒకచోటే తిరుగాడే కాలంలో కాల్స్ కొని కొని అలసిపోయినవాళ్లు రిస్క్ రివర్సల్ వైపు రావడానికి కారణం ఇదే. ఆ ఆకర్షణ నిజమైనదే, దాన్ని తక్కువ చెయ్యను.

ఇక రెండో వైపు. 23,200 దగ్గర ముగిస్తే 805 పాయింట్ల నష్టం, అంటే 52,325 రూపాయలు. 22,500 అయితే 97,825. కాల్ కొన్నవాడు ఈ రెండు చోట్లా 7,800 దగ్గరే ఆగిపోతాడు. ఇంతవరకూ ఎవరైనా బొమ్మ గీసి చూపిస్తారు, పుస్తకాల్లో ఉండేదీ ఇదే. కానీ ఆ బొమ్మ ఎక్స్‌పైరీ రోజుది. మా మేనల్లుడు ఎక్స్‌పైరీ దాకా వెళ్లనే లేదు.

అసలు దెబ్బ మధ్యలో తగులుతుంది. అదే పొజిషన్, పెట్టిన ఐదు రోజులకు ఫ్యూచర్ ఒక్కసారిగా 6 శాతం పడి 23,500కి వచ్చిందనుకుందాం. ఎక్స్‌పైరీ నాడు అదే చోట ఉంటే నష్టం 505 పాయింట్లే. కానీ ఇంకా 25 రోజుల గడువుంది, పైగా పడిన రోజున భయం ఎగబాకుతుంది. జూన్ 4న ఇండియా విక్స్ 21 దగ్గర నుంచి 27 దాకా వెళ్లి ముగిసింది, మర్నాటికే 19కి దిగింది. మన లెక్కలో ఆ పుట్ ఐవీ 16 నుంచి 25కి చేరితే దాని ధర సుమారు 900 అవుతుంది. ఐవీ 16 దగ్గరే ఉండి ఉంటే 700 లోపే ఉండేది. కాల్ 120 నుంచి 15కి జారుతుంది. మొత్తం 890 పాయింట్ల నష్టం, లాటుకు 57,850 రూపాయలు. ఎక్స్‌పైరీ బొమ్మ చూపించేదానికన్నా 385 పాయింట్లు ఎక్కువ.

ఈ నష్టం ఫ్యూచర్స్‌లోలాగా ప్రతి సాయంత్రం ఖాతాలోంచి కట్ కాదు. మార్జిన్ రూపంలో వచ్చి మీద పడుతుంది. అమ్మిన పుట్‌కు ఎక్స్ఛేంజీ మొదట్లో కాంట్రాక్టు విలువలో పదో వంతుకు అటూ ఇటూగా, అంటే లక్షన్నర పైచిలుకు అడుగుతుంది. పుట్ ధర 115 నుంచి 900కి పెరిగితే ఆ పెరుగుదల ఒక్కటే లాటుకు 51 వేలు. ఊగుడు పెరిగిందని రిస్క్ లెక్క ఇంకాస్త అడుగుతుంది. కొన్న కాల్ ఇక్కడ సాయపడదు. మార్జిన్ లెక్క చూసేది మార్కెట్ పడే వైపు, కాల్ పనికొచ్చేది పెరిగే వైపు. లక్షా డెబ్బై వేలు పెట్టుకుని ఒక లాటు వేసినవాడు కూడా ఆ మధ్యాహ్నం నిలవలేడు. మూడు లక్షలు పెట్టుకున్నవాడు నిలుస్తాడు. ఇద్దరి అంచనా ఒకటే, పొజిషన్ ఒకటే. మా వాడు మొదటి రకం.

లోతుగా చూస్తే రిస్క్ రివర్సల్ స్వభావమే మారుతూ ఉంటుంది. పెట్టిన రోజున అది దాదాపు 43 శాతం ఫ్యూచర్‌లా నడుస్తుంది. ఫ్యూచర్ వంద పాయింట్లు కదిలితే ఇది నలభై పైచిలుకు కదులుతుంది. కాల్ ఒక్కటే అయితే ఆ కదలిక పాతికే. ఐవీ పెరిగినా తగ్గినా మొదట్లో పెద్దగా పట్టదు. ఒకటి కొన్నాం, ఒకటి అమ్మాం, రెండూ ఇంచుమించు సరిపోతాయి. మార్కెట్ పడేకొద్దీ ఆ తూకం తప్పుతుంది. కాల్ దూరమై కాగితం ముక్కవుతుంది, పుట్ దగ్గరై బరువెక్కుతుంది. చివరికి చేతిలో మిగిలేది వట్టి పుట్ అమ్మకమే. సరిగ్గా ఐవీ ఎగబాకే సమయానికే మనం దాన్ని అమ్ముకున్నవాళ్లం అవుతాం. మార్కెట్ పెరిగితే దీనికి ఎదురు. పుట్ కరిగిపోతుంది, చేతిలో కాల్ మిగులుతుంది, కానీ పెరిగే మార్కెట్లో ఐవీ తరచూ దిగుతుంది కనుక కాల్ అనుకున్నంత ఉబ్బదు. ముందు చేతికొచ్చిన ఆ 400 పాయింట్ల ఎడం, ఈ రెండు వైపుల ఇబ్బందులనూ మోసినందుకు మార్కెట్ ఇచ్చిన కూలి.

అందుకే స్క్యూ ఎక్కువగా ఉందని కనిపించగానే "పుట్ ఖరీదుగా ఉంది, అమ్మేద్దాం" అనడం నాకు నచ్చదు. ఎందుకు ఖరీదుగా ఉందో చూడాలి. ఎన్నికల ఫలితం, బడ్జెట్, యుద్ధ వార్త లాంటి తేదీ ఒకటి గడువు లోపల ఉంటే, మార్కెట్ ఆ రోజుకే ధర కడుతోంది. అక్కడ ఎక్కువ ప్రీమియం దొరికింది మన తెలివి వల్ల కాదు, ఆ తేదీని మనం మోస్తున్నందుకు. అలాంటి తేదీ లేకుండా, మార్కెట్ నాలుగు రోజులు పడి కుదుటపడుతూ ఉన్నా, పుట్ ఐవీకీ కాల్ ఐవీకీ మధ్య తేడా గత నెలల్లో మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువగా నిలిచి ఉందనుకోండి. రిస్క్ రివర్సల్‌కు అసలైన అదను అదే. మన ఉదాహరణలో తేడా 5. ఆ 5 ఎక్కువో తక్కువో ఆ ఒక్క అంకె చెప్పదు. ఒకే దూరంలో ఉన్న పుట్, కాల్ ఐవీలను రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో మనకే తెలుస్తుంది.

పొలం పోలిక ఒక చోట నిలవదు, అదీ చెప్పాలి. సూచీ ఆప్షన్లలో పుట్ అమ్మి ఇరుక్కుంటే మన చేతికి ఏ ఆస్తీ రాదు, తేడా డబ్బు కట్టి రావడమే. "పడితే చవగ్గా కొన్నట్టే కదా" అనే ఓదార్పుకు అక్కడ చోటు లేదు. విడి కంపెనీల షేర్ల ఆప్షన్లలో మాత్రం 2019 అక్టోబర్ నుంచి అన్నీ డెలివరీ పద్ధతిలోనే తేలుతున్నాయి. పుట్ అమ్మినవాడు స్ట్రైక్ ధరకు లాటు మొత్తం షేర్లు నిజంగానే కొనాలి. ఎక్స్‌పైరీ దగ్గర పడేకొద్దీ మార్జిన్ పెంచుతూ పోతారు. ఆ షేర్లను ఆ ధరకు కొని ఏళ్ల తరబడి ఉంచుకోవడానికి సిద్ధపడి, అంత సొమ్మూ పక్కన పెట్టుకున్నవాడికి ఇది మంచి పద్ధతే. లాటు విలువలో పదో వంతు మాత్రమే చేతిలో ఉన్నవాడికి కాదు.

సూచీలో అయితే గండి పూడ్చే దారి ఒకటుంది. మన లెక్కలో 23,000 పుట్ ఐవీ 20 అనుకుంటే ధర సుమారు 45 రూపాయలు. అది కూడా కొంటే ఖర్చు 5 నుంచి 50కి పెరుగుతుంది, లాటుకు 3,250. ఎంత పడినా నష్టం 1,050 పాయింట్ల దగ్గర, అంటే 68,250 రూపాయల దగ్గర ఆగుతుంది. దీంతో "పైసా పెట్టకుండా" అన్న మాట పోతుంది. 16 ఐవీ దగ్గర అమ్మి 20 ఐవీ దగ్గర కొన్నాం కనుక స్క్యూ వల్ల కలిసొచ్చిందాంట్లో కొంత తిరిగి స్క్యూకే కట్టినట్టు. అయినా మార్జిన్ బాగా తగ్గుతుంది, జూన్ 4 లాంటి రోజున బయటికి గెంటేసే పరిస్థితి రాదు. లక్షల్లో మిగులు లేనివాళ్లకు నేను చెప్పేది ఈ మూడు కాళ్ల రూపమే.

ఆర్డర్లు పెట్టే వరసకూ ఒక లెక్కుంది. దూరపు స్ట్రైకుల్లో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఖాళీ ఎక్కువ. అందుకే మార్కెట్ ఆర్డర్ వేయకూడదు, లిమిట్ ఆర్డరే వేయాలి. 5 రూపాయల ఖర్చనుకున్నది రెండు వైపులా జారుడుతో 15 అయిపోగలదు. ముందు 23,000 పుట్ కొనాలి, తర్వాతే 24,000 పుట్ అమ్మాలి. అప్పుడు తగ్గిన మార్జినే పడుతుంది. బయటికొచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది, అమ్మింది ముందు వెనక్కి కొనాలి, రక్షణగా కొన్నది ఆఖర్న అమ్మాలి. తొందర్లో రక్షణ పుట్‌ను ముందు అమ్మేస్తే ఆ నిమిషంలోనే పూర్తి మార్జిన్ అడుగుతుంది.

మొన్నామధ్య మేనల్లుడు ఇంటికొచ్చినప్పుడు వాడి నోట్‌బుక్ చూశాను. ప్రతి పొజిషన్‌కూ మూడు అంకెలు రాసుకుంటున్నాడు. పుట్ ఐవీ, కాల్ ఐవీ, వాటి పక్కన ఎర్ర సిరాతో, రేపు 6 శాతం పడి ఐవీ 25కి పోతే కావాల్సిన మార్జిన్. ఒక పేజీలో మూడో అంకె ఖాతాలో ఉన్న డబ్బు కన్నా పెద్దదిగా ఉంది. "దీన్ని ఏం చేశావురా?" అనడిగాను.

"వెయ్యలేదు మామయ్యా."